ముందు పలకరించాలా? సలహా కార్డు ఒకటంటే, ఫలితం కార్డు మరొకటంటే

ప్రేమబంధం తెగిపోయాక టారో కార్డుల ముందు కూర్చునేవారి ప్రశ్న తరచు ఒకటే ఉంటుంది: ముందు నేనే పలకరించాలా, వద్దా? ఈ ప్రశ్నకు ఎన్ని కార్డులు వేసినా చూపు రెండిటి మీదే నిలుస్తుంది. ఏం చేస్తే మంచిదో చెప్పేది సలహా కార్డు. చివరికి ఏమవుతుందో చెప్పేది ఫలితం కార్డు. రెండూ ఒకే వైపు చూపితే పేచీ లేదు. సలహా మాట్లాడమంటూ, ఫలితం దూరాన్నే చూపిస్తే చిక్కు మొదలవుతుంది. అప్పుడు చాలామంది ఫలితాన్ని తీర్పుగా తీసుకుని సలహాను పక్కన పెట్టేస్తారు. బరువు వేయాల్సింది మాత్రం సలహా వైపే. అలా ఎందుకో తెలియాలంటే ఈ రెండు స్థానాలు దేని గురించి చెబుతాయో విడివిడిగా చూడాలి.

టారో పేకలో 78 కార్డులుంటాయి. వాటిలో 22 మేజర్ ఆర్కానా, అంటే పెద్ద మలుపుల బొమ్మలు. మిగతా 56 కార్డులు కప్స్, వాండ్స్, స్వోర్డ్స్, పెంటకిల్స్ అనే నాలుగు రంగులు. పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఇవి ఆట పేకలుగా పుట్టాయి. వీటితో జోస్యం చెప్పడం ఫ్రాన్స్‌లో పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పుంజుకుంది. ఇవాళ ఎక్కువగా కనిపించే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయిన పేకవి. ఎ. ఇ. వెయిట్ ఆలోచనకు పమేలా కోల్‌మన్ స్మిత్ ఆ బొమ్మలు గీశారు. వెయిట్ తన పుస్తకంలో పది కార్డుల పద్ధతి ఒకటి ఇచ్చారు. సెల్టిక్ క్రాస్ పేరుతో అది నేటికీ వాడుకలో ఉంది. అందులో పదో కార్డు రాబోయేదాన్ని చెబుతుంది. కానీ ఆ పదింటిలో సలహా అనే స్థానమే లేదు. కార్డులను భవిష్యత్తు తెలుసుకోవడానికి కాక తనను తాను పరిశీలించుకోవడానికి వాడే ధోరణి పెరిగాక, తర్వాతి రీడర్లు దాన్ని తమ వరుసల్లో చేర్చుకున్నారు. అంటే ఇప్పుడు పక్కపక్కన కూర్చునే ఈ రెండు కార్డుల వెనక రెండు వేర్వేరు ఉద్దేశాలున్నాయి. ఒకటి జరగబోయేది చెప్పమంటుంది, రెండోది చేయాల్సింది చెప్పమంటుంది. తెలుగు ఊళ్లలో చిలక తీసే చీటీకి ఈ ఇబ్బంది లేదు. అక్కడ వచ్చేది ఒకే బొమ్మ, దాని మీద ఒకే మాట. టారో వరుసలో మాత్రం రెండు కార్డులకూ మధ్య సంబంధం ఏమిటో అడిగేవారే తేల్చుకోవాలి.

ఆ సంబంధాన్ని పేక కలపకముందే తేల్చుకోవాలి. ఫలితం కార్డు దేనికి ఫలితం? ఈ ప్రశ్నకు రీడర్లలోనే రెండు జవాబులున్నాయి. కొందరికి అది సలహా పాటిస్తే వచ్చే ఫలితం. మరికొందరికి ఇప్పుడున్నది ఇలాగే సాగితే చేరే చోటు. పైకి చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ నిర్ణయాన్ని తలకిందులు చేసేది ఇదే. సలహా మాట్లాడమంది, ఫలితంలో ఒంటరితనం వచ్చింది అనుకుందాం. మొదటి లెక్కలో, మాట్లాడినా దూరం తప్పదని అర్థం. రెండో లెక్కలో, ఇలాగే నోరు మూసుకుని కూర్చుంటే దూరం ఖాయం, కాబట్టి మాట్లాడమని అర్థం. కార్డులు అవే, బొమ్మలు అవే, తీర్పులు మాత్రం ఎదురెదురు. కార్డులు తిప్పి చూశాక ఏ లెక్క వాడాలో ఎంచుకుంటే, మనసు తనకు కావాల్సినదాన్నే ఎంచుకుంటుంది. అందుకే ఒక కాగితం మీద స్థానాల పేర్లు, ఫలితం దేనికి ఫలితం, ఎంత కాలానికి అన్నది ముందే రాసి పెట్టుకోవాలి. తలకిందులుగా వచ్చిన కార్డుకు వేరే అర్థం ఇవ్వాలా వద్దా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. రీడర్ దగ్గరికి వెళ్లినా, కార్డులు పరిచే ముందు అడగాల్సింది ఇదే.

ప్రశ్న అడిగే తీరులోనూ జాగ్రత్త కావాలి. "అతను తిరిగి వస్తాడా?" అన్న ప్రశ్నలో అడిగేవారు చేయగలిగింది ఏదీ లేదు. "మెసేజ్ పెట్టాలా?" అన్నది కొంచెం మెరుగు, కానీ అది అవును, కాదు అనే జవాబే కోరుతుంది. టారో బొమ్మలు అలా జవాబిచ్చేవి కావు. "నేను ముందు పలకరిస్తే ఏ మనసుతో పలకరించాలి? జవాబు రాకపోతే తట్టుకోగలనా?" అని అడిగితే, వచ్చిన బొమ్మతో చేయడానికి ఏదో ఒక పని ఉంటుంది. అవతలి మనిషి మనసులో ఏముందో చూపే కార్డును చాలామంది వరుసలో పెడతారు. దాన్ని తీసేయడమే మేలు. అక్కడ వచ్చిన బొమ్మను సరిచూసుకునే దారి లేదు. పైగా, ఆ ఊహ నిజమన్నట్టుగా తర్వాతి కార్డులన్నీ దాని చుట్టూ అల్లుకుంటాయి.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒక యువతి. రెండేళ్ల ప్రేమ ఒక పెద్ద గొడవతో ముగిసింది. ఇద్దరూ గట్టిగానే మాటలు అనుకున్నారు. తర్వాత ఇద్దరూ మౌనం. మాట్లాడవద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, నంబర్లు బ్లాక్ చేసుకోలేదు. రెండు నెలలు గడిచాయి. ఆమె నాలుగు కార్డుల వరుస అనుకుంది. మొదటిది తన ఇప్పటి స్థితి. రెండోది ఈ పలకరింపు నుంచి తాను నిజంగా కోరుకుంటున్నది. మూడోది సలహా. నాలుగోది, ఆ సలహా పాటిస్తే నెల రోజుల్లో తాను ఎక్కడ ఉంటుంది అన్నది. ఇక్కడ ఫలితం బంధానికి కాదు, తనకు. ఈ ముక్క కూడా ఆమె ముందే రాసుకుంది.

మొదట ఫైవ్ ఆఫ్ కప్స్ వచ్చింది. నల్లటి దుప్పటి కప్పుకున్న మనిషి, ముందు ఒలికిపోయిన మూడు కప్పులు, వెనక నిలబడి ఉన్న రెండు కప్పులు, ఆవల నది, దాని మీద వంతెన. పోయినదాన్నే చూస్తూ ఉండిపోవడం ఈ బొమ్మ భావం. రెండో స్థానంలో జస్టిస్, ఒక చేత కత్తి, మరో చేత తక్కెడ. తాను ఓదార్పు కోసం పలకరించాలనుకుంటున్నానని ఆమె అనుకుంటోంది. ఈ బొమ్మ చూశాక, తనకు కావాల్సింది అతను తప్పు ఒప్పుకోవడమేనని ఆమెకు స్ఫురించింది. వరుస మొత్తంలో పనికొచ్చిన కార్డు ఇదేనని చెప్పవచ్చు. కార్డుకు ఏదో తెలుసని కాదు. తనను తాను అడగని ప్రశ్న ఒకటి ఆ బొమ్మ వల్ల ఆమె ముందుకు వచ్చింది.

మూడోది పేజ్ ఆఫ్ కప్స్. పూల చొక్కా వేసుకున్న కుర్రవాడు, చేతిలో కప్పు, అందులోంచి తల బయటపెట్టి చూస్తున్న చేప. పేజ్ కార్డులను కబురు తెచ్చేవిగా చదవడం పాత సంప్రదాయం. కప్స్ మనసుకు సంబంధించినవి. కాబట్టి చిన్న, మెత్తని, లెక్కలడగని మాట ఒకటి చెప్పమని దీన్ని చదవవచ్చు. పక్కనున్న జస్టిస్‌తో కలిపి చూస్తే సలహా ఇంకా స్పష్టమవుతుంది: పలకరించు, కానీ సంజాయిషీ అడగడానికి కాదు.

నాలుగోది ఎయిట్ ఆఫ్ కప్స్. పేర్చిన ఎనిమిది కప్పులను వెనక వదిలి, ఎర్రటి వస్త్రం కప్పుకున్న మనిషి చేతికర్రతో కొండల వైపు నడిచిపోతున్నాడు. పైన చంద్రుడు. కప్పులు ఒలికిపోలేదు, పగిలిపోలేదు. ఉన్నదాన్ని ఉన్నచోటే ఉంచి వెళ్లిపోవడం ఇందులో ఉంది. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటే. చివరి కార్డు చూసి గుండె జారి, "ఎలాగూ కలవం కదా, ఇక మెసేజ్ దేనికి?" అని ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. కాగితం మీద ఆమె రాసుకున్నది బంధం ఏమవుతుందని కాదు, తాను ఎక్కడ ఉంటానని. ఆ లెక్కన ఈ కార్డు, చెప్పాల్సింది చెప్పేశాక ఆమె అక్కడే నిలబడి ఉండకుండా ముందుకు కదలడాన్ని చూపుతోంది. మొదటి కార్డులో కదలని మనిషి, చివరి కార్డులో నడుస్తున్న మనిషి. రెండో పొరపాటు ఇంకా లోతైనది. ఫలితం పాటించాల్సిన మాట కాదు. అది సలహా పాటించాక వచ్చేది. దాన్ని చూసి సలహాను రద్దు చేస్తే ఆ ఫలితానికి ఆధారమే పోతుంది. మెసేజ్ పెట్టకపోతే ఏమవుతుందో ఈ వరుస చెప్పనే లేదు. అది తెలుసుకోవాలనుకుంటే ముందే రెండు దారులకు రెండు ఫలితాల కార్డులు అనుకుని ఉండాల్సింది.

ఇందుకు తిరగబడిన సందర్భం మరింత ప్రమాదకరం, మరింత తరచుగా జరిగేది కూడా. సలహాలో ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చిందనుకుందాం. చర్చిలో సమాధి మీద చేతులు జోడించి పడుకున్న వీరుడి శిల్పం అది. విశ్రాంతి, ఆగడం. ఫలితంలో టూ ఆఫ్ కప్స్ వచ్చింది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కప్పులు అందించుకుంటున్నారు. ఆ జంటను చూడగానే మధ్యలో ఉన్న ఆగమనే మాట చెవికెక్కదు. ఫలితం ఖాయమనుకుని ఆ రాత్రే ఫోన్ చేస్తారు. అవతల చల్లటి జవాబు వస్తే కార్డులు అబద్ధం చెప్పాయని బాధపడతారు. కానీ ఆగితే వచ్చే ఫలితం అని తామే పెట్టుకున్న షరతును తామే దాటేశారు. మంచి ఫలితం సలహాను తొందరపెట్టే అనుమతి కాదు. చెడు ఫలితం సలహాను కొట్టేసే తీర్పు కానట్టే ఇదీ.

ఫలితం కంటే సలహాకే ఎందుకు ఎక్కువ బరువు ఇవ్వాలి? పలకరించడం ఒక మనిషి చేతిలో ఉన్న పని. దాని ఫలితం ఇద్దరి చేతుల్లో ఉంటుంది. అవతలి వ్యక్తి అప్పటికి ఏ స్థితిలో ఉన్నారు, వేరే ఎవరితోనైనా ఉన్నారా, ఆ మెసేజ్ ఏ పూట చూశారు అన్నవన్నీ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. కలిపిన పేక నుంచి వచ్చే కార్డు యాదృచ్ఛికంగా వచ్చేది. రాబోయేదాన్ని అది ముందుగా తెలుసుకోగలదని చెప్పడానికి నమ్మదగిన ఆధారం లేదు. కార్డు తమకే సరిగ్గా సరిపోయిందని అనిపించడానికీ ఒక కారణం ఉంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బెర్ట్రమ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ప్రతి ఒక్కరికీ విడిగా రాసినదంటూ వ్యక్తిత్వ వివరణ ఇచ్చారు. అది ఎంత సరిపోయిందో సున్నా నుంచి 5 వరకు మార్కులు వేయమంటే సగటున 4.26 వచ్చింది. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, చాలా భాగం ఒక జ్యోతిషం పుస్తకం నుంచి తీసుకున్నది. 1949లో ఆయన ఈ సంగతి ప్రచురించారు. టారో బొమ్మలూ అలాగే చాలా జీవితాలకు సరిపోయేంత విశాలంగా ఉంటాయి. సలహా కార్డు విషయంలో ఈ విశాలత నష్టం చేయదు. బొమ్మ ఎక్కడి నుంచి వచ్చినా, లెక్కలడగకుండా ఒక మాట చెప్పడం మంచిదా కాదా అన్నది ఇప్పుడే, తెలిసిన సంగతులతోనే తూచి చూడవచ్చు. ఫలితం కార్డును అలా తూచే వీలు లేదు.

దీన్ని ఆచరణలో పెట్టే ఒక తేలిక పద్ధతి ఉంది. సలహా కార్డు తిప్పాక ఫలితం కార్డును బోర్లానే ఉంచి, సలహా ఏం చెబుతోందో రెండు వాక్యాల్లో రాయాలి. తర్వాత, జవాబు ఎప్పటికీ రాకపోయినా ఈ పని చేయడం మంచిదేనా అని అడగాలి. అవునని వస్తేనే అది పలకరింపు. కాదని వస్తే అది బేరం. అప్పుడే ఫలితం కార్డు తిప్పాలి. ఆ బొమ్మను జరగబోయేదిగా కాక, ఇలా జరిగితే తట్టుకోగలనా అని అడిగేదిగా చూడాలి. ఎయిట్ ఆఫ్ కప్స్ చూసి కడుపులో తిప్పినట్టయితే, ఆ మనిషి ఇంకా పలకరించడానికి సిద్ధంగా లేరు. అప్పుడు ఆగడం సబబే. అది కార్డు ఆగమందని కాదు, తన స్థితి తనకు తెలిసింది కాబట్టి.

పై ఉదాహరణలోని యువతికి మెసేజ్ రాసే ఘట్టం మిగిలింది. మొదటి చిత్తులో "ఎలా ఉన్నావ్? నీకు అసలు ఏమీ అనిపించడం లేదా?" అని ఉంది. రెండో వాక్యంలో జస్టిస్ తక్కెడ దాక్కుని ఉంది. అది జవాబు కోసం గుచ్చే ప్రశ్న. తిరగరాసింది ఇలా వచ్చింది: "ఆ రోజు నేను అన్న మాటలు అనకుండా ఉండాల్సింది. ఆ విషయం నీకు చెప్పాలనిపించింది. జవాబు ఇవ్వాలని ఏమీ లేదు." ఇందులో తన తప్పు మాత్రమే ఉంది, అతని తప్పు గురించి ఒక్క ముక్క లేదు. ప్రశ్న గుర్తు కూడా లేదు. ఒక రాత్రి గడిచాక, పగలు చదివి చూసి కూడా పంపాలనిపిస్తే పంపడం. అది ఒక్కటే. నీలి టిక్కులు వచ్చినా రాకపోయినా దాని వెనక ఇంకొకటి ఉండదు.

కార్డుల దగ్గర జరిగే పెద్ద నష్టం తప్పు అర్థం చెప్పుకోవడం వల్ల కాదు, మళ్లీ మళ్లీ తీయడం వల్ల. లెక్క చూస్తే ఇది తెలుస్తుంది. 78 కార్డుల్లో ఒక 30 కార్డులను ఆ మనిషి శుభంగా తీసుకుంటారనుకుందాం. ఒక్కసారి తీస్తే వాటిలో ఒకటి వచ్చే అవకాశం నూటికి 38 పాళ్లు. ప్రతిసారీ కలిపి మూడుసార్లు తీస్తే కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం 77 పాళ్లకు చేరుతుంది. ఐదుసార్లు తీస్తే 91. అంటే ఓపిక ఉన్నంతసేపు తీస్తే ఎవరికైనా కావాల్సిన జవాబు వస్తుంది. అది వచ్చినప్పుడు ఆగిపోవడం వల్ల అదే నిజమైన జవాబులా అనిపిస్తుంది. అర్థం కాలేదంటూ ఫలితం కార్డు మీద ఇంకో కార్డు, దాని మీద ఇంకొకటి వేయడం కూడా ఇదే. రాత్రి పదకొండు తర్వాత, అతని ఫొటోలు చూసిన వెంటనే, ఏడుస్తున్నప్పుడు పేక చేతికి వస్తోందంటే కావాల్సింది సలహా కాదని గుర్తించవచ్చు. ఆ దుఃఖాన్ని వినే స్నేహితురాలో, అక్కో ఆ పూట ఎక్కువ అవసరం. ఫలితం మార్చే పూజకో, పరిహారానికో అదనంగా డబ్బు అడిగే రీడర్ దగ్గర ఇంకొక్క నిమిషం కూడా కూర్చోనక్కర్లేదు.

అసలు కార్డులు తీయకూడని సందర్భాలూ ఉన్నాయి. అవతలి వ్యక్తి మాట్లాడవద్దని చెప్పి ఉంటే, బ్లాక్ చేసి ఉంటే జవాబు అప్పటికే వచ్చేసింది. పేజ్ ఆఫ్ కప్స్ వచ్చిందని వేరే నంబరు నుంచో, స్నేహితుల ద్వారానో కబురు పంపడం ఆ మాటను తొక్కేయడమే. ఆసక్తి లేదని ఒక మహిళ స్పష్టంగా చెప్పాక కూడా పురుషుడు పదేపదే సంప్రదించే ప్రయత్నం చేయడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ బంధంలో కొట్టడం, బెదిరించడం, ఫోన్ లాక్కుని చూడటం లాంటివి ఉన్నప్పుడు కూడా ముందు పలకరించాలా అన్నది పేక మీద పెట్టే ప్రశ్న కాదు. ఎంత అందమైన సలహా కార్డైనా అక్కడ చెల్లదు. ఆస్తి, ఇల్లు, పిల్లల వ్యవహారాలు మిగిలి ఉంటే వాటి కోసం మాట్లాడాల్సిందే. దానికి కార్డు అనుమతి అక్కర్లేదు, ఏం మాట్లాడాలో ముందే రాసుకుంటే చాలు.

వరుస ముగిశాక ఆ కాగితం దాచాలి. తేదీ, అడిగిన ప్రశ్న, నాలుగు స్థానాల అర్థాలు, వచ్చిన కార్డులు, చివరికి చేసిన పని ఏమిటన్నది అందులో ఉండాలి. అనుకున్న గడువు, ఈ ఉదాహరణలో నెల రోజులు, అయ్యేదాకా అదే ప్రశ్నకు మళ్లీ కార్డులు తీయకూడదు. ఈలోగా నిజంగా కొత్త సంగతి జరిగితే, అంటే అతని నుంచి ఫోన్ వచ్చినా, ఎవరైనా ఊరు మారుతున్నా, ప్రశ్న కూడా మారుతుంది కాబట్టి అప్పుడు తీయవచ్చు. అతను స్టేటస్ మార్చడం కొత్త సంగతి కాదు. గడువు తీరాక కాగితం తెరిచినప్పుడు ఫలితం కార్డు నిజమైందా అని చూడటం కంటే, సలహాను రాసుకున్నట్టే పాటించామా, పాటించినందుకు ఇప్పుడు విచారం ఉందా అని చూసుకోవాలి. ఆ యువతి మెసేజ్‌కు జవాబు రాకపోయినా, ఆ మూడు వాక్యాల్లో వెనక్కి తీసుకోవాలనిపించేది ఏదీ లేకపోతే, ఆమె సలహాను సరిగానే చదివినట్టు లెక్క.